ఏ ఇంటి తలుపు తట్టాలి? క్షేత్ర సర్వేల్లో నమూనా ఎంపిక వెనుక ఉన్న లెక్క

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రహదారిపై, బాహూర్ కమ్యూన్ పరిధిలో ఉన్న ఊరు కిరుమాంబాక్కం. ఇక్కడ ఒక వైద్య కళాశాల ఉంది. చుట్టూ వరి పొలాలు, తూర్పు దిక్కున కొద్ది దూరంలోనే మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో అధిక రక్తపోటు ఎంతమందికి ఉందో తెలుసుకోవాలని ఒక పరిశోధక బృందం బయలుదేరిందని ఊహిద్దాం. ప్రతి ఇంటికీ వెళ్లేంత సమయం, సిబ్బంది ఆ బృందానికి లేవు. కొన్ని ఇళ్లనే ఎంచుకోక తప్పదు. ఆ కొన్ని ఏవి అన్నదే అసలు ప్రశ్న.

ఈ ఎంపికను సర్వే చేసేవారి ఇష్టానికి వదిలేస్తే జరిగేది ముందే చెప్పవచ్చు. వాహనం ఆగిన చోటికి దగ్గరగా ఉన్న ఇళ్లు, తలుపు తెరిచి ఉన్న ఇళ్లు, కుక్క లేని ఇళ్లు లెక్కలోకి వస్తాయి. ఉదయం పదకొండు గంటలకు ఇంట్లో దొరికేది ఎక్కువగా వృద్ధులు, గృహిణులు, పనికి వెళ్లలేని రోగులు. పొలానికి వెళ్లిన కూలీ, తెల్లవారకముందే వేటకు వెళ్లిన మత్స్యకారుడు దొరకరు. వయసు పెరిగినకొద్దీ రక్తపోటు పెరుగుతుంది కాబట్టి, ఇలా సేకరించిన సమాచారం ఊరిలోని వాస్తవం కంటే ఎక్కువ శాతాన్ని చూపుతుంది. దీనినే గణాంక శాస్త్రంలో ఎంపిక పక్షపాతం అంటారు. ఇళ్ల సంఖ్య పెంచినా ఈ దోషం తగ్గదు. వంద ఇళ్లకు బదులు వెయ్యి ఇళ్లు చూసినా, అదే పద్ధతిలో చూస్తే అదే తప్పుడు జవాబు మరింత ధీమాగా వస్తుంది.

అందువల్ల నమూనా పద్ధతులన్నిటికీ మూలసూత్రం ఒక్కటే. ఎంపిక నిర్ణయాన్ని మనిషి చేతిలోంచి తీసి, ముందుగా తెలిసిన సంభావ్యతకు అప్పగించాలి. ఈ పనిని యాదృచ్ఛిక, క్రమబద్ధ, స్తరీకృత పద్ధతులు వేర్వేరు దారుల్లో చేస్తాయి.

మొదట కావలసింది జాబితా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎంపికైన ప్రతి గ్రామంలోనూ ప్రశ్నలు అడిగే బృందం కంటే ముందే మరో బృందం వెళుతుంది. అది ఊరి పటం గీసి, ఇళ్లన్నిటికీ సంఖ్యలు వేసి, కుటుంబాల జాబితా తయారు చేస్తుంది. వినడానికి ఇది గుమస్తా పనిలా ఉంటుంది గానీ, సర్వే నాణ్యత సగం ఇక్కడే తేలిపోతుంది. జాబితాలో లేని ఇల్లు ఎంత గొప్ప పద్ధతి పాటించినా నమూనాలోకి రాదు. పాత ఓటర్ల జాబితానో, రేషన్ కార్డుల జాబితానో వాడుకుంటే కొత్తగా వచ్చిన అద్దె కుటుంబాలు, వలస కూలీలు మొదటి అడుగులోనే జారిపోతారు.

మన ఊహా సర్వేలో జాబితాకు 264 ఇళ్లు వచ్చాయని, వాటిలో 22 ఇళ్లను చూడాలని అనుకుందాం. సాధారణ యాదృచ్ఛిక పద్ధతిలో 1 నుంచి 264 వరకు ఉన్న సంఖ్యల నుంచి 22 సంఖ్యలను లాటరీ తీసినట్లు తీస్తారు. ఒకసారి వచ్చిన సంఖ్యను మళ్లీ లెక్కించరు. ప్రతి ఇంటికీ పన్నెండింట ఒక వంతు అవకాశం సమానంగా ఉంటుంది. రోడ్డు పక్క మేడకూ, చివరి సందులోని గుడిసెకూ తేడా లేదు. ఇంతకంటే నిష్పక్షపాతమైన పద్ధతి మరొకటి లేదు.

అయితే నిష్పక్షపాతం అంటే ప్రతిసారీ సరైన జవాబు రావడం కాదు. ఇదే ఎంపికను మళ్లీ మళ్లీ చేస్తే, వచ్చే జవాబుల సగటు వాస్తవానికి సరిపోతుందని మాత్రమే దాని అర్థం. ఒక్కసారి తీసిన నమూనా అదృష్టం కొద్దీ ఒక వైపు ఒరగవచ్చు. 264 ఇళ్లలో 44 మత్స్యకార కుటుంబాలవి అనుకుంటే, 22 ఇళ్ల నమూనాలో సగటున మూడు నాలుగు అవే ఉండాలి. కానీ లెక్క వేసి చూస్తే, వంద నమూనాల్లో సుమారు తొమ్మిదింటిలో ఆ పల్లె నుంచి ఒకే ఒక్క ఇల్లు రావడమో, ఒక్కటీ రాకపోవడమో జరుగుతుంది. సముద్రపు వేట, ఎండు చేపల ఉప్పు ఆహారంలో భాగమైన కుటుంబాల రక్తపోటు గురించి ఆ సర్వే ఏమీ చెప్పలేదు. దీనిని పక్షపాతం అనకూడదు, యాదృచ్ఛిక దోషం అనాలి. నమూనా పెంచితే ఇది తగ్గుతుంది. పక్షపాతానికి, దీనికి ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

క్రమబద్ధ నమూనా ఈ ఇబ్బందిని చాలావరకు తొలగిస్తుంది. 264ను 22తో భాగిస్తే 12 వస్తుంది. 1 నుంచి 12 లోపు ఒకే ఒక సంఖ్యను లాటరీ ద్వారా తీస్తారు. అది 7 అయితే, ఏడో ఇల్లు, ఆ తరువాత 19, 31, 43 అలా ప్రతి పన్నెండో ఇల్లు తీసుకుంటూ 259వ ఇంటి దగ్గర ఆగుతారు. సరిగ్గా 22 ఇళ్లు అవుతాయి. జాబితా రహదారి దగ్గర మొదలై సముద్రపు ఒడ్డున ముగిస్తే, నమూనా కూడా ఆ దారి పొడవునా పరుచుకుంటుంది. 44 మత్స్యకార కుటుంబాలు జాబితాలో వరుసగా ఉంటే మూడు లేదా నాలుగు ఇళ్లు తప్పనిసరిగా వస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగు, ఐదు విడతల్లోనూ ఒక్కో గ్రామం లేదా పట్టణ బ్లాకు నుంచి 22 కుటుంబాలను ఈ క్రమబద్ధ పద్ధతిలోనే ఎంచుకున్నారు. పర్యవేక్షకులకు ఇందులో మరో సౌకర్యం ఉంది. సర్వేయరు 31వ ఇంటికి బదులు 32వ ఇంటికి వెళితే వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ లాటరీని వదిలేసి, ఎప్పుడూ మొదటి ఇంటి నుంచే మొదలుపెడితే పద్ధతి చెడిపోతుంది. జాబితాలో మొదటి ఇల్లు చాలా ఊళ్లలో కూడలి దగ్గరి ఇల్లో, గుడి పక్క ఇల్లో అవుతుంది. రెండో ఇంటికి ఎంపికయ్యే అవకాశమే ఉండదు. ఆ ఒక్క లాటరీయే ఈ పద్ధతికి ప్రాణం.

అసలు ప్రమాదం వేరే చోట పొంచి ఉంటుంది. పునరావాస కాలనీలో ఇళ్లు వరుసకు పన్నెండు చొప్పున కట్టారని, ప్రతి వరుసలో రెండు కొసలా ఉన్న మూల ఇళ్లు పెద్దవని, వాటిలో కాస్త కలిగినవారు ఉంటున్నారని అనుకుందాం. నమూనా అంతరం కూడా పన్నెండే. లాటరీలో 1 గానీ 12 గానీ వస్తే 22 ఇళ్లూ మూల ఇళ్లే అవుతాయి. మరే సంఖ్య వచ్చినా ఒక్క మూల ఇల్లు కూడా రాదు. పన్నెండు లాటరీల సగటు తీస్తే జవాబు సరైనదే. కానీ ఏ ఒక్క లాటరీ ఫలితమూ ఊరికి అద్దం పట్టదు. పైగా నమూనాలోని ఇళ్లన్నీ ఒకేలా కనిపించడం వల్ల దోషం చాలా తక్కువగా ఉందని కూడా అనిపిస్తుంది. పటం చూడకుండా అంకెలు మాత్రమే చూసేవారికి ఇది దొరకదు. వరుసల పొడవుకు, అంతరానికి పొంతన కుదిరిందా అని ముందే చూసుకోవాలి. కుదిరితే ఇళ్లకు సంఖ్యలు వేసే క్రమాన్ని మార్చాలి, లేదా యాదృచ్ఛిక పద్ధతికి వెళ్లాలి. వారంలో ఒకే రోజు ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించే అధ్యయనాలకూ ఇదే చిక్కు వస్తుంది. ప్రతి ఏడో రోజు తీసుకుంటే, అది ఎప్పుడూ సంత రోజే కావచ్చు.

జనాభాలో భిన్నమైన వర్గాలు ఉన్నాయని ముందే తెలిసినప్పుడు అదృష్టం మీద ఆధారపడవలసిన పని లేదు. జనాభాను స్తరాలుగా విభజించి, ఒక్కో స్తరం నుంచి విడిగా లాటరీ తీయడమే స్తరీకృత పద్ధతి. దీనికి పుదుచ్చేరి కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని నాలుగు భాగాలు ఒకదానికొకటి ఆనుకుని లేవు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో ఉండగా, మాహే కేరళ తీరంలో ఉంది. తెలుగు మాట్లాడే యానాం కాకినాడకు దగ్గరగా, గోదావరి ఒడ్డున ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పుదుచ్చేరి జిల్లాలో 9,50,289 మంది, కారైకాల్‌లో 2,00,222 మంది, యానాంలో 55,626 మంది, మాహేలో 41,816 మంది ఉన్నారు.

మొత్తం 12,47,953 మంది నుంచి 300 మందిని నేరుగా లాటరీ తీస్తే యానాం వంతుకు సగటున 13 మంది, మాహే వంతుకు 10 మంది వస్తారు. పదముగ్గురిని అడిగి యానాం ఆరోగ్యం గురించి ఏం చెప్పగలం? అందుకే ప్రతి ప్రాంతం నుంచి 75 మంది చొప్పున విడిగా ఎంచుకోవచ్చు. చిన్న ప్రాంతాలకు ఇప్పుడు నమ్మదగిన లెక్క దొరుకుతుంది. జనాభాలో వంతు కంటే వారిని ఎక్కువగా తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్నట్లు మరిచిపోవడమే తప్పు.

ఒక ఊహా లెక్కతో ఇది తేటపడుతుంది. పుదుచ్చేరి, కారైకాల్‌లలో 30 శాతం మందికి, యానాం, మాహేలలో 50 శాతం మందికి అధిక రక్తపోటు ఉందనుకుందాం. 300 మంది జవాబులను కలిపి నేరుగా సగటు తీస్తే 40 శాతం వస్తుంది. కానీ యానాం, మాహే రెండూ కలిసినా మొత్తం జనాభాలో 8 శాతానికి లోపే. జనాభా వంతును బట్టి ఒక్కో ప్రాంతానికి బరువు ఇచ్చి లెక్కిస్తే సుమారు 31.6 శాతం వస్తుంది. నమూనాలోని ఒక్కో యానాం వ్యక్తి దాదాపు 742 మందికి ప్రతినిధి కాగా, ఒక్కో పుదుచ్చేరి వ్యక్తి 12,670 మందికి ప్రతినిధి. ఈ బరువులు వేయకుండా ప్రకటించిన 40 శాతం, ఎంతో శ్రద్ధగా తీసిన నమూనా నుంచి పుట్టిన తప్పుడు వార్త అవుతుంది.

పెద్ద సర్వేలు ఈ మూడింటినీ కలిపే వాడతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జిల్లాను గ్రామీణ, పట్టణ స్తరాలుగా విడదీసి, గ్రామాలను వాటి పరిమాణానికి అనుగుణమైన సంభావ్యతతో తీసి, ఆపై ఇళ్లను క్రమబద్ధంగా ఎంచుకుంటారు.

క్షేత్రంలో ఎక్కువగా తప్పేది మాత్రం చివరి అడుగే. టీకాల సర్వేల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో 30 ప్రాంతాలు ఎంచుకుని, ఒక్కో చోట ఏడుగురు పిల్లలను చూసేవారు. ఊరి నడుమ నిలబడి, సీసా తిప్పి అది చూపిన దిక్కులో ఒక ఇంటి నుంచి మొదలుపెట్టి, పక్క పక్క ఇళ్లకు వెళ్లడం అనేక చోట్ల ఆనవాయితీ అయింది. జాబితా అవసరం లేకపోవడం దాని ఆకర్షణ. కానీ నడిబొడ్డున ఉన్న ఇళ్లకు ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, ఊరి అంచున ఉన్న ఇళ్లకు తక్కువ. టీకా అందని పిల్లలు తరచుగా ఉండేది ఆ అంచునే. 2018లో వెలువడిన సంస్థ మార్గదర్శకాలు ఈ దారిని విడిచి, జాబితా నుంచి సంభావ్యత ప్రకారం ఇళ్లను తీయాలని సూచించాయి.

తాళం వేసిన ఇల్లు మరో పరీక్ష. 31వ ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటికి వెళ్లడం సులభం, సహజం కూడా. కానీ అలా చేసిన మరుక్షణం, పగలు ఇంట్లో ఉండేవారి వైపు నమూనా మళ్లీ ఒరుగుతుంది. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎంపికైన ఇంటికి బదులు మరో ఇల్లు తీసుకోవడానికి అనుమతి లేదు. వేరే వేళల్లో మళ్లీ వెళతారు. అప్పటికీ దొరకకపోతే స్పందన లేనట్లు నమోదు చేస్తారు. సర్వే నివేదికలో ఎన్ని ఇళ్లు ఎంపికయ్యాయి, వాటిలో ఎన్నింటి నుంచి సమాచారం వచ్చింది అన్న రెండు అంకెలు విడివిడిగా కనిపించేది ఈ కారణంగానే. ఎంపికైన 22 ఇళ్లకు 22 ఇళ్లూ మొదటి రోజే పూర్తయ్యాయని ఏ బృందమైనా రాస్తే, పర్యవేక్షకుడు ముందుగా చూడవలసింది ఆ ఇళ్ల సంఖ్యలనే.