డేనియల్ ఘటం: గాఢత మారితే వోల్టేజి ఎంత మారుతుంది?

జింకు పలకను జింకు సల్ఫేట్ ద్రావణంలోను, రాగి పలకను కాపర్ సల్ఫేట్ ద్రావణంలోను ఉంచి, రెండు బీకర్లను లవణ వారధితో కలిపితే డేనియల్ ఘటం తయారవుతుంది. జింకు ఆక్సీకరణం చెంది Zn²⁺ అయానులుగా ద్రావణంలోకి వెళుతుంది. కాబట్టి అది ఆనోడ్. అది విడిచిన ఎలక్ట్రాన్లు బయటి తీగ ద్వారా రాగి పలకను చేరి Cu²⁺ అయానులను రాగిగా క్షయకరణం చేస్తాయి. ఇది కాథోడ్. లవణ వారధిని తీసివేస్తే వలయం తెగిపోయి, వోల్టుమీటరు ఏమీ చూపదు.

రెండు ద్రావణాల గాఢత 1 M, ఉష్ణోగ్రత 25°C అయినప్పుడు:

E° = 0.34 − (−0.76) = 1.10 V

ఇప్పుడు కాపర్ సల్ఫేట్ ద్రావణాన్ని మాత్రమే 0.001 M కు విలీనం చేశామనుకుందాం. రాగి పలకను చేరే Cu²⁺ అయానులు తగ్గాయి కనుక క్షయకరణం వైపు మొగ్గు కూడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో నెర్న్స్ట్ సమీకరణం చెబుతుంది:

E = E° − (0.0592/n) log Q
Q = [Zn²⁺]/[Cu²⁺]

ఘనస్థితిలోని లోహాలు Qలో కనిపించవు. అందుకే పలక పెద్దదైనా చిన్నదైనా వోల్టేజి మారదు. చర్యలో రెండు ఎలక్ట్రాన్లు మారుతున్నాయి కనుక n = 2.

Q = 1/0.001 = 1000, log Q = 3
E = 1.10 − 0.0296 × 3 = 1.01 V

గాఢత వెయ్యి రెట్లు తగ్గినా వోల్టేజి తగ్గింది 0.09 V మాత్రమే! సమీకరణంలో ఉన్నది గాఢతల నిష్పత్తి కాదు, దాని లాగరిథమ్. పది రెట్ల మార్పుకు ఈ ఘటంలో 0.03 V కంటే కాస్త తక్కువే తేడా వస్తుంది.

అసైన్‌మెంటులలో తరచుగా కనిపించే పొరపాటు Qను తలకిందులుగా రాయడం. అప్పుడు జవాబు 1.19 V వస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: క్రియాజనకమైన Cu²⁺ తగ్గితే వోల్టేజి పెరగకూడదు. ప్రయోగశాలలో కొలిచిన విలువ లెక్కకు సరిగ్గా సరిపోకపోవచ్చు. గాఢ ద్రావణాలలో అయానులు ఒకదానినొకటి ప్రభావితం చేస్తాయి కాబట్టి, కచ్చితంగా చెప్పాలంటే గాఢతకు బదులు క్రియాశీలతను వాడాలి.

ఘటాన్ని వాడుతూపోతే Zn²⁺ పెరిగి, Cu²⁺ తగ్గి, Q పెరుగుతూ ఉంటుంది. చర్య సమతాస్థితిని చేరినప్పుడు E సున్నా అవుతుంది. E° మాత్రం అప్పుడూ 1.10 V గానే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసుకోకండి.

విలీనం చేయకుండానే Cu²⁺ గాఢతను తగ్గించవచ్చు. రాగి బీకరులో అమ్మోనియా ద్రావణాన్ని ఎక్కువగా కలిపితే ముదురు నీలిరంగు వచ్చి, వోల్టేజి స్పష్టంగా పడిపోతుంది. రాగి అంతా బీకరులోనే ఉంది. కానీ అందులో అధికభాగం [Cu(NH₃)₄]²⁺ సంక్లిష్ట అయానుగా మారింది. Qలో రాయవలసింది స్వేచ్ఛగా మిగిలిన Cu²⁺ గాఢతనే.

అభ్యాసం: ఇదే అమ్మోనియాను జింకు బీకరులో ఎక్కువగా కలిపితే వోల్టేజి ఎటు మారుతుంది? జింకు కూడా అమ్మోనియాతో సంక్లిష్ట అయానును ఏర్పరుస్తుందని గమనించి, Q రాసి చూడండి.