క్రెడిట్ నోటు ఫొటో నుంచి బాకీ లెక్క తేల్చడం

బిల్లు ఇచ్చాక దాని మొత్తం తగ్గించాల్సి వస్తే అమ్మినవారు క్రెడిట్ నోటు ఇస్తారు. బిల్లులో తక్కువ వేసినట్టు తేలితే డెబిట్ నోటు ఇస్తారు. జీఎస్టీ చట్టంలోని 34వ సెక్షన్ ఈ రెండింటి గురించే చెబుతుంది. అయితే వ్యాపారంలో కొన్నవారు కూడా సరుకు వాపసు పంపేటప్పుడు డెబిట్ నోటు రాయడం మామూలే. అమ్మినవారి డెబిట్ నోటు బాకీని పెంచుతుంది, కొన్నవారిది తగ్గిస్తుంది. కాబట్టి ఫొటో చేతికి రాగానే, నోటు ఎవరు ఎవరికి ఇచ్చారో పైన ఉన్న పేర్లు, జీఎస్టీ నంబర్లు చూసి తేల్చుకోవాలి.

తర్వాతి చిక్కు మైనస్ గుర్తు. చాలా క్రెడిట్ నోట్లలో అంకెలు మామూలుగానే ఉంటాయి, తగ్గింపు అనే సంగతి శీర్షికలోనే ఉంటుంది. కొన్నిటిలో -4,720.00 అనో, (4,720.00) అనో, చివర గీతతో 4,720.00- అనో వేస్తారు. మసక ఫొటోలో ఆ సన్నటి గీత, బ్రాకెట్లు ఇట్టే మాయమవుతాయి. ఇంకోచోట, మైనస్‌తో ఉన్న అంకెను మళ్లీ తీసివేస్తే అది కలిసిపోతుంది. అందుకే గుర్తును పక్కనపెట్టి అంకెను మాత్రమే రాసుకుని, కలపాలా తీసేయాలా అన్నది నోటు రకాన్ని బట్టి నిర్ణయించడం క్షేమం.

ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వచ్చిన బిల్లు చూద్దాం. సరుకు విలువ రూ. 50,000, 18 శాతం జీఎస్టీ రూ. 9,000, మొత్తం రూ. 59,000. పాడైన పెయింటు డబ్బాలు వాపసు పంపితే వచ్చిన క్రెడిట్ నోటులో విలువ 4,000, సీజీఎస్టీ 360, ఎస్‌జీఎస్టీ 360, మొత్తం 4,720 అని ఉంది. మూడూ కూడితే మొత్తం సరిపోయింది కనుక అంకెలు సరిగ్గానే చదివినట్టు. కట్టాల్సింది రూ. 54,280. పొరపాటున కలిపితే రూ. 63,720 అవుతుంది. తేడా రూ. 9,440, అంటే నోటు మొత్తానికి సరిగ్గా రెట్టింపు. సరఫరాదారు స్టేట్‌మెంటుతో తేడా ఇలా రెట్టింపుగా కనిపిస్తే గుర్తు తారుమారైందేమో ముందు చూడాలి. తేడా రూ. 720 మాత్రమే అయితే పన్ను వదిలేసి విలువనొక్కదాన్నే తీసేసినట్టు.

అన్నిటికన్నా దొరకని తప్పు రెండుసార్లు తగ్గించడం. డబ్బాలు పంపుతూ దుకాణం రూ. 4,720కి డెబిట్ నోటు రాసింది, దానికి జవాబుగా అమ్మినవారు అంతే మొత్తానికి క్రెడిట్ నోటు పంపారు. కాగితాలు రెండు, వాపసు ఒక్కటే. రెండూ తీసేస్తే బాకీ రూ. 49,560కి పడిపోతుంది. దీన్ని పట్టించేది అసలు బిల్లు నంబరు, తేదీ. అమ్మినవారి నోటులో అవి ఉండాలన్నది జీఎస్టీ నిబంధన. రెండు నోట్లలోనూ అదే బిల్లు, అదే సరుకు, అదే మొత్తం ఉంటే ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఫొటోలో బిల్లు నంబరు కనబడకపోతే అమ్మినవారిని అడిగి తెలుసుకునేదాకా ఆ నోటును పక్కన ఉంచాలి.