సోలార్ దీపం నుంచి ఆర్వో దాకా: అమ్మి, బాగుచేసే దుకాణం

సోలార్ దీపాలు, నీటి శుద్ధి యంత్రాలు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు అమ్మే మండల కేంద్రపు దుకాణం ధరలో ఆన్‌లైన్‌తో పోటీపడలేదు. దానికి నిలకడైన రాబడి సర్వీసు మీదే.

ఫ్యాన్ల పని తేలిక. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల చుట్టూ సరిపోతాయి. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఇది చెడితే తరచూ లోపలి సర్క్యూట్ బోర్డే కారణం కనుక, బోర్డు విడిగా దొరికే రకమే దుకాణంలో ఉంచాలి. సోలార్ దీపం వెలిగిన గంటకే ఆరిపోతుంటే ముందు ప్యానెల్ మీది దుమ్ము తుడిచి, మధ్యాహ్నపు ఎండలో మల్టీమీటరు పెట్టి చూడాలి. ప్యానెల్ బాగుండి, బ్యాటరీకి చార్జింగ్ అందుతున్నా రాత్రి నిలవకపోతే బ్యాటరీ మార్చాల్సిందే.

ఎక్కువ పిలుపులు వచ్చేది ఆర్వో యంత్రానికి. బిగించిన రోజే బోరు నీటి టీడీఎస్, శుద్ధమైన నీటి టీడీఎస్ కొలిచి మూత లోపల రాసిపెట్టే మెకానిక్‌కు తర్వాతి పని సగం తగ్గుతుంది. బోరు నీరు 900, గ్లాసులో నీరు 60 ఉన్న ఇల్లొకటి అనుకుందాం. ఏడాదికి గ్లాసులో నీరు 250కి చేరింది. వెంటనే మెంబ్రేన్ పోయిందని చెప్పకూడదు. వేసవిలో బోరు నీటి టీడీఎస్ పెరిగిందేమో, పంపు ఒత్తిడి తగ్గిందేమో, టీడీఎస్ అడ్జస్టరు ఎవరైనా తిప్పారేమో ముందు చూడాలి. ఇవన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు మెంబ్రేన్ మార్చాలి. దాంతోపాటు కార్బన్ ఫిల్టరునూ చూడాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను ఆపేది అదే. అది పనిచేయకపోతే కొత్త మెంబ్రేన్ కూడా త్వరగా పాడవుతుంది. టీడీఎస్ తక్కువే ఉండి నీళ్లు సన్నగా వస్తుంటే మాత్రం అనుమానం మొదట సెడిమెంట్ ఫిల్టరు మీదికి పోవాలి. బురద పేరుకుని అది మూసుకుపోతుంది.

అడ్జస్టరు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. రుచి కోసం అది కొంత నీటిని మెంబ్రేన్ దాటించకుండా నేరుగా కలుపుతుంది. నల్గొండ జిల్లాలాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఆ నీటితోపాటు ఫ్లోరైడ్ కూడా గ్లాసులోకి వస్తుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారత ప్రమాణం. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుందే గానీ ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు, సూక్ష్మజీవులనూ చూపదు. అందుకే ఆ ఊళ్లలో యంత్రం అమ్మే ముందు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి, అడ్జస్టరు పూర్తిగా మూసే బిగించాలి.