ఇరవై లక్షల పొదుపులో బంగారం ఎంత?

2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో 52 శాతం పడింది. అదే ఏడాది మన దేశంలో బంగారం ధర సుమారు పాతిక శాతం పెరిగింది. పొదుపులో బంగారానికి ఎంత చోటివ్వాలని అడిగే ప్రతి ఒక్కరికీ ముందు ఆ ఏడాది లెక్క చూపించాలనిపిస్తుంది నాకు. బంగారం ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ అందులో కనిపిస్తాయి.

ఒక కుటుంబం ఆ ఏడాది మొదట్లో 20 లక్షల పొదుపుతో ఉందనుకుందాం. 15 లక్షలు సెన్సెక్స్‌తో పాటు కదిలే షేర్లలో, 5 లక్షలు ఎనిమిది శాతం వడ్డీ వచ్చే బ్యాంకు డిపాజిట్లో ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి షేర్లు 7.2 లక్షలకు పడిపోయాయి, డిపాజిట్ 5.4 లక్షలైంది. మొత్తం 12.6 లక్షలు. అదే కుటుంబం షేర్లలో 3 లక్షలు తగ్గించి, ఆ మూడు బంగారంలో పెట్టి ఉంటే? షేర్లు 5.76, డిపాజిట్ 5.4, బంగారం 3.75, మొత్తం 14.9 లక్షలు. నష్టం 37 శాతం నుంచి పాతిక శాతానికి దిగింది. ఈ రెండు నష్టాలకూ చాలా తేడా ఉంది. 37 శాతం పోయినప్పుడు చాలామంది భయపడి, మిగిలిందైనా దక్కుతుందని షేర్లన్నీ అమ్ముకుని బయటపడతారు. ఆ తర్వాత మార్కెట్ లేచినా వాళ్ల డబ్బు అందులో ఉండదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మూడు లక్షలను బంగారంలో కాక డిపాజిట్లోనే వేసి ఉంటే 14.4 లక్షలు మిగిలేవి. అంటే నష్టం తగ్గడంలో పెద్ద పాత్ర షేర్లు తగ్గించుకోవడానిదే. బంగారం దానికి అదనంగా మరో అర లక్ష చేర్చింది. బంగారం ఒక్కటే కాపాడుతుందని చెప్పేవారు ఈ లెక్క వేసి చూడరు.

ఆ అదనం ఎలా వచ్చిందన్నది మన దేశంలో ఉన్నవారికి బాగా తెలియాల్సిన విషయం. 2008లో డాలర్లలో బంగారం పెరిగింది ఐదు శాతం అటూ ఇటూ మాత్రమే. మన దగ్గర పాతిక శాతం పెరగడానికి ప్రధాన కారణం రూపాయి. విదేశీ సంస్థలు ఇక్కడి షేర్లు అమ్మి డాలర్లు పట్టుకుపోవడంతో, ఏడాది మొదట్లో 40 రూపాయల లోపున్న డాలరు చివరికి 48 దాటింది. మనం వాడే బంగారం దాదాపు అంతా దిగుమతిదే కనుక, రూపాయి పడితే ఇక్కడి ధర తనంతట తానే పెరుగుతుంది. విదేశీ డబ్బు వెళ్లిపోయి మన షేర్లు కూలే రోజుల్లోనే రూపాయి కూడా నీరసించడం తరచూ జరుగుతుంది. అందుకే అమెరికాలో ఉన్నవారికంటే మనకు బంగారం కాస్త ఎక్కువ రక్షణ ఇస్తుంది. అయితే ప్రతి వారం, ప్రతి నెలా ఇస్తుందని కాదు. 2020 మార్చిలో కొవిడ్ భయంతో అందరూ చేతికి నగదు కావాలని పరుగెత్తినప్పుడు, కొన్ని రోజులపాటు షేర్లతో పాటు బంగారాన్నీ అమ్మేశారు. అంతర్జాతీయ ధర ఆ నెల మధ్యలో గట్టిగానే పడింది, తర్వాత తేరుకుంది.

మరి వాటా ఎంత? ఐదు శాతమైతే పెట్టినా పెట్టనట్టే. 20 లక్షల్లో ఒక లక్ష బంగారం పాతిక శాతం పెరిగితే వచ్చేది పాతిక వేలు. షేర్లలో పోయిన లక్షల ముందు అది కంటికి ఆనదు. మరో కొసన, అమెరికా రచయిత హ్యారీ బ్రౌన్ షేర్లు, దీర్ఘకాలిక బాండ్లు, నగదు, బంగారం నాలుగింటికీ సమానంగా పాతికేసి శాతం ఇవ్వమన్నాడు. అంత పెట్టుకుంటే బంగారానికి చెడ్డకాలం వచ్చినప్పుడు ఓర్చుకోగలగాలి. 2012 చివర్లో పది గ్రాములు 31 వేల దరిదాపుల్లో ఉంటే, 2015 చివరికి 25, 26 వేల మధ్యకు వచ్చింది. ఆ మూడేళ్లూ బంగారం వడ్డీ ఇవ్వలేదు, డివిడెండ్ ఇవ్వలేదు. బ్యాంకులో ఉన్న డబ్బు మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. నా ఉద్దేశంలో మామూలు ఉద్యోగి కుటుంబానికి 10 నుంచి 15 శాతం సరైన చోటు. కష్టకాలంలో ఆదుకునేంత ఉంటుంది, మందకొడి ఏళ్లలో మొత్తం పొదుపును వెనక్కి లాగేంత ఉండదు.

వాటా నిర్ణయించడంతో పని అయిపోదు. మన కథలోని కుటుంబం దగ్గర 2008 చివరికి బంగారం వాటా 15 నుంచి 25 శాతానికి పెరిగింది, షేర్ల వాటా 60 నుంచి 39కి దిగింది. వీటిని మళ్లీ మొదటి లెక్కకు తేవడమే రీబ్యాలెన్సింగ్. అంటే ఒకటిన్నర లక్షల బంగారం అమ్మి, డిపాజిట్ నుంచి 1.67 లక్షలు తీసి, అందరూ పారిపోతున్న షేర్లు కొనాలి. ఆ రోజు ఆ పని చేయడం ఎంత కష్టమో ఊహించుకోండి. చేసినవారికి 2009లో సెన్సెక్స్ 81 శాతం లేచింది. బంగారం ఇంకో పాతిక శాతం, డిపాజిట్ ఎనిమిది శాతం పెరిగాయని లెక్కవేస్తే వాళ్ల పొదుపు 23 లక్షలకు చేరుతుంది. ఏమీ కదపకుండా కూర్చున్నవారికి 21 లక్షలు.

అయినా రీబ్యాలెన్సింగ్‌ను లాభం పెంచే ఉపాయంగా చూడవద్దు. బంగారమో షేర్లో ఏళ్ల తరబడి ఒకే దిశలో పెరుగుతూ పోతే, మధ్యలో అమ్మినవారు కొంత లాభం వదులుకున్నట్టే. మీరు మొదట ఒప్పుకున్నంత రిస్కే చివరిదాకా ఉండేలా చూడటం దాని అసలు పని.

ఇక మన ఇళ్లలో వచ్చే చిక్కు నగలది. అమ్మ ఇచ్చిన పదిహేను కాసుల హారం విలువను వాటాలో కలపాలా? సంపద ఎంత అని చూసుకోవడానికి కలపాలి, అదీ రాళ్ల బరువు, తరుగు, మజూరీ తీసేసి మిగిలే బంగారం విలువ మాత్రమే. నగల విలువే పొదుపులో ఐదో వంతుంటే, పెట్టుబడి పేరుతో మళ్లీ బంగారం కొనాల్సిన అవసరం నాకైతే కనపడదు. కానీ రీబ్యాలెన్సింగ్ లెక్కలో నగలు పనికిరావు. షేర్లు సగానికి పడ్డాయని ఆ హారాన్ని ఎవరూ అమ్మరు, అమ్మమని అడగనూ కూడదు. కూతురి పెళ్లికి దాచిన బంగారమూ అంతే. అవసరమైనప్పుడు వెనకాడకుండా అమ్మగలిగిన బంగారమే ఈ పనికొస్తుంది. అందుకు గోల్డ్ ఈటీఎఫ్ అనువుగా ఉంటుంది. మజూరీ, తరుగు ఉండవు, డీమ్యాట్ ఖాతాలోంచి కావలసినంతే అమ్ముకోవచ్చు. ప్రస్తుత నిబంధనల ప్రకారం కొన్న 12 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, అంతకుముందే అమ్మితే మీ ఆదాయపు శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

ఏడాదికోసారి ఒక తేదీ పెట్టుకుని చూస్తే చాలు. 15 శాతం అనుకున్నవారు, వాటా 10కి తగ్గినా 20 దాటినా అప్పుడే కదలాలి. ధర కదిలినప్పుడల్లా సర్దబోతే పన్నులు, ఖర్చులు తినేస్తాయి.

ఇప్పుడు చాలామంది ఆ గీత దాటి ఉంటారు. 2023 చివర్లో దాదాపు 63 వేలున్న పది గ్రాముల ధర, 2025 అక్టోబరులో లక్షా ఇరవై వేలు దాటింది. 20 లక్షల్లో 3 లక్షల బంగారం 5.7 లక్షలై, మిగతా 17 లక్షలు ఐదో వంతు పెరిగి 20.4 లక్షలైతే, బంగారం వాటా 22 శాతం. వెంటనే 15కి తేవాలంటే 1.8 లక్షల బంగారం అమ్మాలి. పన్ను కట్టడం ఇష్టం లేకపోతే ముందు బంగారం సిప్ ఆపి, నెలకు మిగిలే 30 వేలనూ షేర్లకు, డిపాజిట్లకు మళ్లించవచ్చు. ధరలు ఉన్నచోటే ఉంటే ఎనిమిది నెలల్లో వాటా 20కి దిగుతుంది. ఈలోగా బంగారం ఇంకా పెరిగి వాటా 25 వైపు నడిస్తే మాత్రం కొత్త డబ్బుతో సర్దడం కుదరదు, అమ్మాల్సిందే.