ఊట అంటే ఏ ఊట?

మే నెలలో చెరువు కట్ట మీద నిలబడి ఊరి వైపు చూస్తే వాలంతా ఎండిన గడ్డి కనిపిస్తుంది. అందులో ఒకచోట మాత్రం, చాప పరిచినంత మేర పచ్చగా తుంగ మొలిచి ఉంటుంది. రోజూ ఆ కట్ట మీద తిరిగే లస్కర్ దాన్ని చూస్తాడు. అక్కడ నీళ్లు పారడం లేదు. అడుగు వేస్తే చెప్పుకి తడి అంటుతుంది, అంతే. అతని చేతికిచ్చిన తనిఖీ ఫారంలో ఒక గడి ఉంది: ‘సీపేజ్ ఉందా, లేదా?’ అతను ‘లేదు’ అని రాస్తాడు. అది అబద్ధం కాదు. సీపేజ్ అంటే నీళ్లు కారడమని అతనికి చెప్పారు, అక్కడ నీళ్లు కారడం లేదు.

2021 నాటి డ్యాం భద్రత చట్టం ప్రకారం దాని పరిధిలోకి వచ్చే ఆనకట్టలను వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలి. వరద వచ్చినా, భూకంపం వచ్చినా మళ్లీ చూడాలి. ఫారాలు ఇంగ్లిషులో తయారవుతాయి. కట్ట మీద నడిచే లస్కర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు మాట్లాడేది తెలుగు. మధ్యలో అనువాదం కావాలి. నిఘంటువు తెరిచి సీపేజ్‌కి ‘స్రవణం’ అనో ‘నిస్యందనం’ అనో రాసేస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. కట్ట మీద ఆ మాట పలికే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఇంగ్లిషులో సీపేజ్ అనే ఒక్క మాట కింద మనకు నాలుగు మాటలున్నాయి. చెమ్మ, ఊట, ధార, బుంగ. నేల తడిగా ఉంటే చెమ్మ. గుంట తీస్తే నీరు నిండితే ఊట. కంటికి కనిపించేలా పారితే ధార. కట్టలో దారి చేసుకుని, మట్టిని కూడా తోసుకొస్తే బుంగ. ఈ నాలుగింటికీ చేయాల్సిన పనులు వేరు. చెమ్మ ఉంటే చుట్టూ మేకులు పాతి, అది పెరుగుతోందా అని వారం వారం చూడాలి. బుంగ కనిపిస్తే ఆ క్షణమే ఇంజనీరుకు ఫోన్ చేయాలి. కాబట్టి తెలుగు ఫారంలో ఒక గడి బదులు నాలుగు గడులుండాలి. అనువాదం మూలం కంటే పొడుగవుతుంది. కానివ్వండి.

మట్టికట్టలోంచి కొంత నీరు రావడం తప్పు కాదు. మట్టి నీటిని పూర్తిగా ఆపదు. లోపలికి చేరిన నీరు ఇసుక, కంకర పొరల గుండా వడకట్టుకుని కట్ట మొదట్లో ఉన్న కాలువలోకి చేరేలా కట్టేటప్పుడే ఏర్పాటు చేస్తారు. అందుకని ‘నీరు వస్తోందా?’ అన్న ప్రశ్నకన్నా ‘ఎక్కడినుంచి, ఎంత, ఏ రంగులో?’ అన్నవి ముఖ్యం. రంగు చూడటానికి గాజు సీసా చాలు. నీళ్లు పట్టి, కాసేపు కదపకుండా ఉంచి, అడుగున మట్టి పేరుకుందేమో చూస్తే సరి. తేట నీరైతే కొలుస్తూ ఉండాలి. మట్టి దిగిందంటే కట్ట లోపలినుంచి కరిగి బయటికి వస్తోందని అర్థం.

అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని టీటన్ డ్యాం సంగతి ఇదే. దాదాపు 93 మీటర్ల ఎత్తున్న మట్టికట్ట. మొదటిసారి నీరు నింపుతుండగా, 1976 జూన్ 3న దిగువన తేట నీటి ఊటలు కనిపించాయి. 5వ తేదీ ఉదయం ఏడింటి ప్రాంతంలో బురద నీరు కనిపించింది. మధ్యాహ్నం పన్నెండు కాకముందే కట్ట తెగింది. పదకొండు మంది చనిపోయారు. ఆ ఉదయం బుంగలోకి మట్టి తోయడానికి పంపిన బుల్డోజర్లు అదే బుంగలో పడిపోయాయి. తేటకూ బురదకూ మధ్య దొరికిన వ్యవధి రెండు రోజులు. బురదకూ గండికీ మధ్య దొరికింది ఐదు గంటలు.

ఇక్కడే అనువాదకుడు క్రియాపదం దగ్గర జాగ్రత్త పడాలి. మన వాడుకలో బుంగ పడితే ‘పూడుస్తాం’. చేతికి దొరికిన బంకమట్టి, గడ్డి, బస్తాలు కుక్కేస్తాం. ఊరి వైపు బయటపడే నోటిని అలా బిగిస్తే లోపలి నీరు ఆగదు, పక్కన ఇంకోచోట మరింత ఒత్తిడితో పైకి లేస్తుంది. చేయాల్సింది వడకట్టడం. నోటి మీద ముందు ముతక ఇసుక, దానిమీద కంకర, పైన రాళ్లు వేయాలి. అప్పుడు నీరు బయటికి వస్తుంది, మట్టి లోపలే ఉంటుంది. నేలలోంచి ఇసుక బుడగలాడుతూ చీమల పుట్టలా కుప్ప పడుతుంటే, చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా గట్టు కట్టి నీటిని కొంత నిలవనివ్వాలి. పైన నిలిచిన నీటి బరువు కింది ఊపును తగ్గిస్తుంది. ఫారంలో ‘బుంగ పూడ్చండి’ అని రాస్తే అక్షరాలా తెలుగే, ఫలితం ప్రమాదం. ‘మట్టి ఆపండి, నీటిని ఆపవద్దు’ అని రాయాలి.

కట్ట మొదట్లో కాలువకి అడ్డంగా పెట్టే వీ ఆకారపు రేకును వీ-నాచ్ అనే పిలుస్తారు, ఆ పేరు ఉంచేయొచ్చు. కానీ దాని పక్కన ఒక వాక్యం కావాలి. తొంభై డిగ్రీల వీ-నాచ్‌లో నీరు 5 సెంటీమీటర్ల ఎత్తున పోతే సెకనుకు దాదాపు ముప్పావు లీటరు. ఎత్తు 10 సెంటీమీటర్లయితే లీటరున్నర కాదు, దాదాపు 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ఊట ఆరు రెట్లకు దగ్గరపడుతుంది. ‘కొంచెం పెరిగింది’ అని లస్కర్ రాసేది ఇలాంటి చోటే.

ఇక స్పిల్‌వే. దీనికి తెలుగులో మాటలు లేకపోవడం ఇబ్బంది కాదు, ఎక్కువ ఉండటమే ఇబ్బంది. కోస్తాలో అలుగు, రాయలసీమలో మరవ, తెలంగాణలో మత్తడి, నెల్లూరు వైపు కలుజు. అన్నీ చెరువు నిండినప్పుడు మిగులు నీరు దానంతటదే దాటిపోయే గోడలు. చెరువులకు ఈ మాటల్లో ఏది వాడినా ఆ ఊళ్లో అర్థమవుతుంది. పెద్ద జలాశయాల దగ్గర మాత్రం నీరు దానంతటదే పోదు, గేట్లు ఎత్తాలి. గేటు, గొలుసు, మోటారు, కరెంటు పోతే జనరేటరు, ఇవన్నీ తనిఖీలో భాగం. ‘అలుగు’ అని రాస్తే ఈ యంత్రాలన్నీ మాటలోంచి జారిపోతాయి. అందుకని గేట్లున్న చోట స్పిల్‌వే అనే ఉంచడం మేలని నా అభిప్రాయం. పేపర్లలో చదివి చదివి ఆ మాట అందరికీ అలవాటే.

ఎవరైనా పొర్లే కట్ట కదా అని ‘పొర్లుకట్ట’ అని పెడితే ఏమవుతుందో నెల్లూరు వాళ్లనడగండి. పెన్నా పొర్లుకట్టలంటే నది పొర్లి ఊరి మీద పడకుండా కట్టిన కరకట్టలు. స్పిల్‌వే పని నీటిని పోనివ్వడం, పొర్లుకట్ట పని నీటిని ఆపడం.

ఇంతకన్నా పెద్ద గందరగోళం ‘పొంగి పొర్లడం’ దగ్గర ఉంది. అలుగు పారితే ఊరికి పండగ, కొబ్బరికాయ కొడతాం. ‘డ్యాం పొంగి పొర్లుతోంది’ అని సంబరంగా శీర్షికలు పెడతాం. తనిఖీ భాషలో ఇంగ్లిషు వాళ్లు ఓవర్‌టాపింగ్ అనేది వేరు. నీరు స్పిల్‌వే మీదుగా కాక కట్ట తల మీదుగా పోవడం అది. మట్టికట్టకు అది చావు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయానికి జరిగింది ఇదే. వరద స్పిల్‌వే మోయగలిగిన దాన్ని మించింది, నీరు మట్టికట్ట మీదుగా దూకి దాన్ని కోసుకుపోయింది. అలాంటి కబురును ఫోనులో ‘పొర్లుతోందండీ’ అని చెబితే వినేవాడు ఏది అనుకోవాలి? అందుకే ఫారంలో ‘పొర్లడం’ అన్న మాట అసలు ఉండకూడదు. ‘స్పిల్‌వే మీదుగా పోతోంది’, ‘కట్ట తల మీదుగా పోతోంది’ అని రెండు వేరు వాక్యాలుండాలి.

ఎగువ, దిగువల దగ్గరా ఇదే తంటా. ‘ఎగువ వాలులో పగుళ్లు’ అంటే ఇంజనీరుకు జలాశయం వైపు వాలు. నడిచేవాడికి వాలులో పై భాగం. ‘నీటి వైపు’, ‘ఊరి వైపు’ అంటే తప్పు చేసే వీలే ఉండదు.

పీజోమీటర్‌ని అందరూ ‘పీడనమాపకం’ చేయబోతారు. ఆ పేరు వింటే డయలు, ముల్లు మనసులోకి వస్తాయి. కట్టలో సాధారణంగా ఉండేది సన్నని గొట్టం. దాని అడుగున నీరు చొరబడే మొన ఉంటుంది. కట్ట లోపల ఆ లోతులో నీటికి ఎంత ఒత్తిడి ఉందో అంత ఎత్తుకు గొట్టంలో నీరు లేస్తుంది. టేపు దించితే నీటికి తగలగానే చప్పుడు చేస్తుంది, లోతు రాసుకోవడమే. పేరు పీజోమీటర్‌గానే ఉండొచ్చు. అనువదించాల్సింది రీడింగుని.

మన మండలాల్లో భూగర్భజల శాఖ వేసిన పీజోమీటర్లున్నాయి. ‘నీరు ఇన్ని మీటర్ల లోతులో ఉంది’ అని అక్కడ రాస్తారు. లోతు తగ్గితే నీటిమట్టం పెరిగినట్టు, రైతుకు శుభవార్త. అదే అలవాటుతో కట్ట దగ్గరికి వచ్చిన సిబ్బంది ‘రీడింగ్ తగ్గింది, బాగానే ఉంది’ అంటే కథ తలకిందులవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించినవి. గొట్టం తల మట్టం 112.40 మీటర్లు. మొదటిరోజు నీరు 14.60 మీటర్ల లోతులో తగిలింది. తీసివేస్తే కట్టలో నీటిమట్టం 97.80. రెండు వారాల తర్వాత 13.10 లోతులోనే తగిలింది, అంటే మట్టం 99.30. లోతు తగ్గింది, కట్టలో నీరు మీటరున్నర పైకి వచ్చింది. ఈ మధ్యలో జలాశయం కూడా నిండుతూ వచ్చి ఉంటే అది సహజం కావచ్చు. జలాశయం 108.00 దగ్గరే కదలకుండా ఉంటే మాత్రం అడగాలి: ఈ నీరు కట్టలోకి ఎలా చేరింది? లోపలి కాలువ మూసుకుందా, కొత్త దారి పడిందా? కాబట్టి గడిలో ‘రీడింగ్’ అని ఒక్క మాట చాలదు. ‘గొట్టం తల నుంచి నీటికి లోతు’, ‘కట్టలో నీటిమట్టం’, ‘అదే రోజు జలాశయ మట్టం’ అని మూడు గడులుండాలి. రేగడి లాంటి బిగువు మట్టిలో గొట్టంలోకి నీరు చేరడం ఆలస్యమవుతుంది గనక ఒక్కరోజు అంకె కంటే వరుస అంకెలే నమ్మదగినవి.

నెలల తరబడి ఒకే అంకె ఉంటే రెండిట్లో ఒకటి. గొట్టం మొన పూడుకుపోయి ఉండాలి, లేదా అంకె కుర్చీలోంచి రాసి ఉండాలి. మొదటిది తేల్చడం తేలిక. గొట్టంలో చెంబెడు నీళ్లు పోసి, అది మెల్లగా పాత మట్టానికి దిగుతుందేమో చూడాలి. దిగకపోతే గొట్టం పనిచేయడం లేదు. రెండోదానికి అనువాదంలో మందు లేదు.

మీ ఊళ్లోనూ చెరువు కట్టో, చిన్న జలాశయమో ఉంటే ఈ మాటలు లస్కర్‌కే కాదు, మీకూ పనికొస్తాయి. ఊరి వైపు వాలులోంచి మట్టి కలిసిన నీరు వస్తుంటే అందులో ఏమీ కుక్కకండి. ఏ చోట, ఎప్పటినుంచి, ఏ రంగులో వస్తోందో నీటిపారుదల శాఖ ఏఈకి ఫోన్ చేసి చెప్పండి.