రాసేది ముగ్గురు, మాట ఒక్కటి

మంగళగిరి చీరలను వాట్సాప్‌లో అమ్మే ఒక ఇంటి వ్యాపారాన్ని ఊహించుకుందాం. పొద్దున యజమానురాలు, మధ్యాహ్నం ఆమె మరిది, రాత్రి కాలేజీ నుంచి వచ్చిన మేనకోడలు కస్టమర్లకు జవాబులిస్తుంటారు. నిజాం అంచు చీర కొన్న ఒకామె, ఫోటోలో ముదురు ఆకుపచ్చగా కనిపించిన చీర చేతికొచ్చాక లేతగా ఉందని, వాపసు తీసుకుంటారా అని అడిగింది. మరిది జవాబు: "రిటర్న్ లేదు. ముందే చెప్పాం. లైటింగ్ వల్ల తేడా వస్తది." రాత్రి ఆమె మళ్లీ అడిగితే మేనకోడలు జవాబు: "అయ్యో సారీ డియర్, ఏదో ఒకటి చేస్తాంలే!" పక్కన నాలుగు ఎమోజీలు.

పైకి ఇది మర్యాద తేడాలా కనిపిస్తుంది. జాగ్రత్తగా చదివితే ఇద్దరూ చెప్పిన విషయమే వేరని తెలుస్తుంది. ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు ఆశ పెట్టారు. చాలా చిన్న వ్యాపారాల్లో జవాబులు మొరటుగా ఉండడానికి అసలు కారణం ఇదే: చీర మార్పిడికి గడువెంత, పోస్టు ఖర్చు ఎవరిది అన్నవి ఇంట్లో ఎవరూ తేల్చుకోలేదు. తేలని సంగతిని తీయగా రాస్తే అబద్ధపు హామీ అవుతుంది, గట్టిగా రాస్తే కసురుకున్నట్టు ఉంటుంది. అందుకే భాష జోలికి వెళ్లేముందు ముగ్గురూ కూర్చుని షరతులు తేల్చుకోవాలి. ఉతకని, ఫాల్ కుట్టని చీరను అందిన ఏడు రోజుల్లో మార్చుకోవచ్చు, డబ్బు వాపసు లేదు, రంగు తేడా అయితే పంపే ఖర్చు కొన్నవాళ్లది, చిరుగు ఉంటే మనది అనుకున్నారనుకోండి. ఇప్పుడు రాయొచ్చు.

మన గొంతు ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పాత చాట్లు తీసి, ఏ జవాబు తర్వాత కస్టమర్ మళ్లీ అదే ప్రశ్న వేయలేదో చూడాలి. అలాంటివి ఎక్కువగా యజమానురాలివే అయితే, ఆమె తీరే ఆ దుకాణం తీరు. ఆమె ముందు అడిగినదానికి జవాబు చెప్పి, తర్వాత కారణం, చివర్లో ఇక ఏం చేయాలో రాస్తుందనుకోండి. ఎదుటివాళ్లు ఆడో మగో, చిన్నో పెద్దో తెలియనప్పుడు మేడమ్, బ్రో, డియర్ ఏదీ వాడకుండా 'అండి'తో సరిపెడుతుంది. మిగతా ఇద్దరూ ఆ వరుస, ఆ పిలుపు పట్టుకుంటే చాలు. యాసను చెరిపేయక్కర్లేదు. 'వస్తది' అన్న మాటలో తప్పేమీ లేదు. తప్పంతా 'ముందే చెప్పాం' అన్నదాంట్లో ఉంది.

ఆ ఆకుపచ్చ చీర జవాబు ఇప్పుడిలా ఉంటుంది: "మార్చుకోవచ్చండి, డబ్బు వాపసు మాత్రం ఇవ్వలేం. లైటింగ్‌ను బట్టి ఆకుపచ్చ కాస్త ముదురుగానో లేతగానో కనిపిస్తుంది, అందుకే ఈ తేడా. చీర ఉతకకుండా, ఫాల్ కుట్టకుండా ఉంటే అందిన ఏడు రోజుల్లోపు పంపండి, పంపే ఖర్చు మీదే. పగటి వెలుతురులో ఒక ఫోటో పెడితే, దగ్గరి రంగులు ఏమున్నాయో ఈ సాయంత్రం ఆరులోపు చూపిస్తాం." మరిది చెప్పిన కారణం ఇందులో ఉంది, మేనకోడలి ఆదరణా ఉంది. ఇక ఎలాంటి జవాబు సరిదిద్దినా, ధర, తేదీ, షరతు మొదటి రాతలో ఉన్నట్టే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. వాక్యం నున్నగా చేసే తొందరలో "మూడు నాలుగు రోజులు" కాస్తా "మూడు రోజుల్లో" అయిపోతుంది. నాలుగో రోజున గొడవ మొదలవుతుంది.

మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు ఇలా కుదిరిన జవాబులను వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలుగా దాచుకోవచ్చు. `/` కొట్టి, పెట్టుకున్న గుర్తు, అంటే `/marpu` లాంటిది, ఎంచుకుంటే జవాబు మొత్తం వస్తుంది. అయితే చీర పేరు, తేదీ ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, నింపకుండానే పంపేయడం తరచూ జరిగే పొరపాటు. ఖాళీ దగ్గర నక్షత్రాల గుర్తులు పెడితే పంపేముందు కంటికి తగులుతుంది. చిరిగిన చీర అందినవాళ్లకు, పార్సిల్ పోయినవాళ్లకు మాత్రం దాచిన జవాబు పంపకూడదు. వాళ్లు రాసింది చదివి, వాళ్ల చీర పేరెత్తి, ఎమోజీ లేకుండా యజమానురాలే రాయాలి.

గొంతు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, ఒక వారం చాట్లలో ఏది ఎవరు రాశారో దాచిపెట్టి ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టమనండి. తడుముకుంటే కుదిరినట్టే. కానీ అంతకంటే ముందు, ముగ్గురి జవాబుల్లో మార్పిడి గడువు ఒకేలా ఉందో లేదో చూడండి. అది తేడాగా ఉంటే మాటలు దిద్దడం ఆపి, మళ్లీ షరతుల దగ్గర కూర్చోండి.