పాఠం ఎవరికోసమో ముందే చెప్పే నాలుగు వాక్యాలు

పదో తరగతి పిల్లవాడు పరీక్షల ముందు యూట్యూబ్‌లో ‘పరమాణు నిర్మాణం’ అని వెతికితే వీడియోలు వరసకట్టి వస్తాయి. వాటిలో ఇంటర్ పాఠం ఉంటుంది, సీబీఎస్‌ఈ పాఠం ఉంటుంది, తన పుస్తకంలోని పాఠమూ ఉంటుంది. తెర మీద బోర్డూ మార్కరూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేడా వెంటనే తెలియదు. తెలంగాణ పదో తరగతి పుస్తకంలో ఈ పాఠంలోనే క్వాంటం సంఖ్యలున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకాలకు మారింది. వాటిలో క్వాంటం సంఖ్యలు లేవు. ఆ తేడా తెలియని గుంటూరు పిల్లవాడు తన పరీక్షలో రాని విషయం మీద ఒక సాయంత్రమంతా కూర్చునే ప్రమాదం ఉంది.

ఈ గందరగోళాన్ని తప్పించే చోటు ప్రతి ఛానల్‌కూ ఒకటుంది. అదే ఛానల్ పేరు కింద కనిపించే పరిచయం, అంటే ‘అబౌట్’. కొత్తగా ఛానల్ పెట్టే టీచర్లు లోగో మీద, మైకు మీద పెట్టినంత శ్రద్ధ దీని మీద పెట్టరు. ఛానల్ తెరిచిన రోజు హడావిడిగా ఏదో రాసి వదిలేస్తారు.

ఉదాహరణకు తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరమ్మ ఛానల్ మొదలుపెడుతున్నారనుకుందాం. మొదటిసారి ఆమె ఇలా రాసుకుంటారు: “అందరికీ నమస్కారం. మా ఛానల్‌కు స్వాగతం. ఇక్కడ సైన్స్ పాఠాలు అందరికీ సులభంగా అర్థమయ్యేలా చెబుతాం. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్ చేయండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పిల్లవాడికి కావలసిన సమాచారమూ లేదు. ఏ తరగతి? ఏ రాష్ట్రం సిలబస్? ఏ మీడియం? సైన్స్ అంటే ఫిజిక్సా, బయాలజీయా? పైగా ఫోన్‌లో ఈ పరిచయం మొత్తం ఒకేసారి కనిపించదు. మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి, మిగతాది చదవాలంటే నొక్కి తెరవాలి. నమస్కారం, స్వాగతం ఆ కాస్త చోటునూ తినేశాయి.

పరిచయానికి యూట్యూబ్ ఇచ్చే హద్దు 1000 అక్షరాలు. తెలుగులో రాసేవాళ్లు ఇక్కడొక సంగతి గమనించాలి. గుణింతం, వత్తు, సున్నా కూడా కంప్యూటర్‌కు విడి అక్షరాలే. ‘భౌతికశాస్త్రం’ మన కంటికి అయిదక్షరాలు, కంప్యూటర్ లెక్కలో 13. అందువల్ల చేతికొచ్చేది నూటపాతిక మాటల చోటు మాత్రమే. అందులో మర్యాద వాక్యాలకు పెద్దగా జాగా ఉండదు.

అదే టీచరమ్మ రెండోసారి రాస్తే ఇలా ఉండొచ్చు:

“తెలంగాణ స్టేట్ సిలబస్ 10వ తరగతి ఫిజికల్ సైన్స్. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం విద్యార్థులకు. ఒక్కో వీడియోలో పుస్తకంలోని ఒక్క అంశమే, పది నిమిషాల లోపు. ముందు ప్రయోగమో లెక్కో చేసి చూపిస్తాను, సూత్రం ఆ తర్వాత వస్తుంది. మాట తెలుగులో, పరీక్షలో రాయాల్సిన పదాలు బోర్డు మీద రెండు భాషల్లో. 8, 9 తరగతుల్లో వదిలేసిన విషయం అవసరమైతే దాని వీడియో లింకు కింద ఇస్తాను. చివర ఒక లెక్క ఉంటుంది, జవాబు కామెంట్లలో రాయండి. ఆదివారం అన్నీ చూసి తప్పులు చెబుతాను. ఇంటర్, జేఈఈ, నీట్ పాఠాలు ఇక్కడ లేవు.”

మొదటి వాక్యంలోనే రాష్ట్రం, తరగతి, సబ్జెక్టు మూడూ వచ్చేశాయి. నొక్కి తెరవని పిల్లవాడికి కూడా అసలు సంగతి అందింది. మీడియం విడిగా చెప్పడం ఇప్పుడు మరీ అవసరం. రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం విస్తరించింది, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పుస్తకాలూ వచ్చాయి. అలాంటి పిల్లలు చాలామంది పాఠం తెలుగులో విని ఇంగ్లీషులో రాయాలి. ‘నిరోధం’ అని విన్నదాన్ని పరీక్షలో ‘రెసిస్టెన్స్’ అని రాయాలంటే రెండూ పక్కపక్కన కనబడాలి. బోర్డు మీద రెండు భాషలు అన్న మాట ఆ పిల్లలకు పెద్ద భరోసా.

అన్నిటికన్నా కష్టం బోధన తీరు చెప్పడం. ‘సులభంగా’, ‘అర్థమయ్యేలా’ అని రాయని టీచరు ఉండరు, అందుకే ఆ మాటలతో ఒక ఛానల్‌కూ మరో ఛానల్‌కూ తేడా తెలియదు. తీరు అంటే చూసేవాడు వీడియో తెరిచి సరిచూసుకోగలిగింది. సల్మాన్ ఖాన్ 2004లో దూరాన ఉన్న తన కజిన్ నాదియాకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి, 2006లో పాఠాలను యూట్యూబ్‌లో పెట్టారు. అదే తర్వాత ఖాన్ అకాడమీ అయింది. ఆ వీడియోల తీరును ఒక్క విశేషణం వాడకుండా చెప్పొచ్చు: నల్లటి తెర, రంగు గీతలతో చేతిరాత, ముఖం కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. మన టీచరమ్మ రాసిన ‘ముందు లెక్క, తర్వాత సూత్రం’ కూడా అలాంటిదే. ఓమ్ నియమం వీడియో తెరిస్తే మొదట బ్యాటరీ, నిరోధకం, అమ్మీటరు కనిపించాలి. రెండో సెల్ కలిపినప్పుడు ముల్లు ఎంత జరిగిందో చూపించాలి. V = IR ఆ తర్వాతే బోర్డు ఎక్కాలి. అలా లేకపోతే వీడియోనైనా మార్చాలి, పరిచయాన్నైనా మార్చాలి.

‘ఇక్కడ లేవు’ అనే చివరి వాక్యం రాయడానికి చాలామందికి మనసొప్పదు, చూసేవాళ్లు తగ్గుతారని భయం. నిజానికి ఇంటర్ విద్యార్థి ఛానల్‌లోకి వచ్చి అర నిమిషంలో వెళ్లిపోతే ఎవరికీ లాభం లేదు. పదో తరగతి పిల్లవాడికి మాత్రం ఆ వాక్యం వల్ల ఇది పూర్తిగా తనకోసమేనని తెలుస్తుంది.

విద్యార్థుల స్థాయిని బట్టి మారే సాంకేతిక విషయం ఒకటుంది. పదో తరగతికి బదులు మూడో తరగతి లెక్కలు చెబితే ఆ వీడియోలను ‘పిల్లల కోసం చేసినవి’ అని యూట్యూబ్‌కు తెలపాలి. అమెరికాలో 13 ఏళ్ల లోపు పిల్లల సమాచార రక్షణకున్న చట్టం వల్ల 2020 జనవరి నుంచి ఈ ఏర్పాటు అన్ని దేశాలకూ వర్తిస్తోంది. అలా గుర్తు పెట్టిన వీడియోల కింద కామెంట్లు ఉండవు. ‘సందేహాలు కామెంట్లలో అడగండి’ అని పరిచయంలో రాస్తే అది నెరవేరని మాట అవుతుంది. చిన్న తరగతుల టీచరు దాని బదులు ‘జవాబు తర్వాతి వీడియో మొదట్లో’ అని రాయొచ్చు. సొంత ఫోన్ నంబరు ఇవ్వడం మాత్రం వద్దు. బడిలో పనిచేసే టీచరు ‘ట్యూషన్‌కు సంప్రదించండి’ అని రాయడం ఇంకా ఇబ్బంది. విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటోంది.

పరిచయం పనిచేస్తోందో లేదో మొదటి నెల కామెంట్లే చెబుతాయి. ‘మేడమ్, ఇది ఏపీ సిలబస్సా?’ అని పదేపదే అడుగుతుంటే మొదటి వాక్యం సరిపోలేదని అర్థం. ‘ఇంగ్లీషు మీడియం వాళ్లకు ఉపయోగపడుతుందా?’ అంటే మీడియం మాటను ముందుకు జరపాలి. పరిచయం చూడకుండా నేరుగా వీడియోకే వచ్చేవాళ్లూ ఎక్కువే కాబట్టి ఆ మొదటి వాక్యాన్నే ప్రతి వీడియో వివరణలో మొదటి వరుసగా పెట్టాలి. జూన్‌లో బడులు తెరిచినప్పుడు కొత్త పుస్తకం విషయసూచిక పక్కన పెట్టుకుని సరిచూడాలి. పాఠాలు మారితే విద్యా సంవత్సరాన్ని కూడా ఆ వాక్యంలో చేర్చాలి, పాత వీడియోలను విడి ప్లేలిస్టుకు మార్చి దాని పేరులో పాత సిలబస్ అని రాయాలి.